నిద్ర కోసం వేసుకునే మాత్రే కాళ్లను నిలవనివ్వకపోతే

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. మాది కడప. పెళ్లైనప్పటి నుంచి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఇక్కడి గాలి పడక తుమ్ములు, ముక్కు కారడం ఎక్కువ. రెండేళ్లుగా రాత్రిపూట మందుల షాపులో ఇచ్చే జలుబు మాత్ర వేసుకుంటున్నాను. దాంతో నిద్ర కూడా పడుతుందని అలవాటైపోయింది. ఏడాదిగా పడుకోగానే పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, గుంజుతున్నట్టు ఉంటోంది. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది, పడుకుంటే మళ్లీ మొదలు. దిగులుగా ఉండి నిద్ర పట్టడం లేదని నాలుగు నెలల క్రితం మానసిక వైద్యుడు మిర్టజపైన్ 15 మి.గ్రా. రాశారు. మనసు కుదుటపడింది కానీ కాళ్ల బాధ రెట్టింపైంది. ఇప్పుడు సాయంత్రం టీవీ ముందు కూడా కూర్చోలేకపోతున్నాను. ఊరికి రాత్రి బస్సులో వెళ్లాలంటే భయం. బీ12 ఇంజెక్షన్లతో ఏ తేడా లేదు. హిమోగ్లోబిన్ 11.4, ఫెరిటిన్ 18. ఫెరిటిన్ సాధారణమనే రిపోర్టులో ఉంది. నెలసరి బాగా ఎక్కువగా అవుతోంది. జలుబు మాత్రలు రెండు వేసుకోవచ్చా? కాళ్లను ఇబ్బంది పెట్టని నిద్రమాత్ర ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: రెండు వేసుకోకండి, అమ్మా. ఆ ఒక్కటి కూడా ఈ రాత్రి నుంచే మానేయవచ్చు. మిర్టజపైన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. ఈ రెండింటి మధ్య తేడా ఎందుకో చెబుతాను.

మీ లక్షణాలు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్‌కు సరిగ్గా సరిపోతున్నాయి. దీన్ని గుర్తించడానికి స్కానింగులు అక్కర్లేదు, రోగి చెప్పే మాటలే ఆధారం. కాళ్లు కదపాలనే ఆపుకోలేని కోరిక, కదలకుండా ఉంటే ఎక్కువ కావడం, నడిస్తే తగ్గడం, సాయంత్రం నుంచి రాత్రికి ముదరడం: ఈ నాలుగూ ఉండి, వాటికి మరో కారణం కనిపించకపోతే జబ్బు ఇదేనని అనుకోవాలి. కండరం పట్టేస్తే పిక్క రాయిలా గట్టిపడి నొప్పి పుడుతుంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే అరికాళ్ల మంట నడిచినా పోదు. మీకు ఆ రెండూ లేవు. ‘కాళ్లు పీకుతున్నాయి, లాగుతున్నాయి’ అని చెప్పగానే చాలామందికి బీ12, కాల్షియం, నొప్పి మాత్రలు రాసేస్తారు. లేచి నడిస్తే పోతుందన్న మాట రోగి చెప్పకపోయినా, వైద్యుడు అడగకపోయినా ఈ జబ్బు ఏళ్ల తరబడి బయటపడదు.

ఇక మీ జలుబు మాత్ర సంగతి. షాపులో అడగగానే ఇచ్చే జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్‌తో పాటు క్లోర్‌ఫెనిరమైన్ ఉంటుంది. ఇది పాతతరం యాంటీహిస్టమిన్. పాతతరం మందులు రక్తం నుంచి మెదడులోకి సులభంగా చేరతాయి. మనల్ని మెలకువగా ఉంచే హిస్టమిన్‌ను అక్కడ అడ్డుకుంటాయి, అందుకే మత్తు వస్తుంది. రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ మత్తుతో పాటే కాళ్ల బాధ కూడా పెరుగుతుంది. దీని మీద పెద్ద ప్రయోగాలు జరగలేదు. రోగులు చెప్పినవి, వైద్యులు చూసిన కేసులే ఆధారం. అయినా మందు వేసుకున్న రాత్రి పెరగడం, మానేస్తే తగ్గడం ఎంత తరచుగా కనిపిస్తుందంటే, ఈ జబ్బుకు చికిత్స చేసేవాళ్లు మొదట అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. కళ్లు మూతలు పడుతుంటాయి, కాళ్లు మాత్రం ఊరుకోవు. లేచి తిరగడానికి ఓపిక ఉండదు, పడుకోనూ లేరు. ఆ స్థితిలో ‘మోతాదు చాలలేదేమో’ అనిపించడం సహజం. మీరు రెండు మాత్రల గురించి అడిగారంటే ఆ దశకు వచ్చేశారన్నమాట.

ఇంకో సంగతి. క్లోర్‌ఫెనిరమైన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 20 గంటలు పడుతుంది. రోజూ రాత్రి వేసుకుంటున్నారు కాబట్టి నిన్నటి మందు పూర్తిగా పోకముందే ఇవాళ్టిది చేరుతోంది. అందువల్ల ఒక్క రాత్రి మానేసి చూసి ‘తేడా లేదు’ అనుకోవద్దు. కనీసం వారం ఆగాలి. మొదటి రెండు మూడు రాత్రులు నిద్ర ఇంకా తక్కువగా ఉండవచ్చు. అది అలవాటైన మత్తు లేకపోవడం వల్ల వచ్చేదే. ఈ మందును ఒక్కసారిగా ఆపినా ప్రమాదం లేదు.

ముక్కు కోసం వేరే దారి ఉంది. బెంగళూరులో మీలా ఏడాదిలో ఎక్కువ కాలం తుమ్మేవాళ్లకు మాత్ర కంటే ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే బాగా పనిచేస్తుంది. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ అనే పేర్లతో దొరుకుతాయి. రోజూ క్రమంగా వాడితే పూర్తి ఫలితం కనిపించడానికి వారం రెండు వారాలు పట్టవచ్చు. స్ప్రే ముక్కు మధ్య గోడకు తగలకుండా కొంచెం బయటివైపుకు, అంటే అదే పక్క చెవి వైపుకు తిప్పి కొట్టుకోవాలి. లేకపోతే లోపల పుండ్లు పడి రక్తం వస్తుంది. మాత్ర కావాల్సిన రోజున ఫెక్సోఫెనడిన్ 120 మి.గ్రా. పగలు నీళ్లతో వేసుకోండి. పళ్లరసంతో వేసుకుంటే సరిగా ఒంటబట్టదు. ఇది మెదడులోకి దాదాపుగా చేరదు కాబట్టి కాళ్ల జోలికి రాదు. సెటిరిజైన్, లెవోసెటిరిజైన్ ఈ రెండు రకాలకూ మధ్యలో ఉంటాయి. కొందరికి మత్తునిస్తాయి, ఆ కొందరిలో కాళ్లనూ కదిలిస్తాయి.

స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దగా ఉంటుంది, మీకు కావలసింది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, డాక్సిలమైన్, హైడ్రాక్సిజైన్, ప్రోమెథజైన్, సైప్రోహెప్టడిన్: వీటిలో ఏది కనిపించినా పక్కన పెట్టండి. దురదకు ఇచ్చే మాత్ర, దగ్గు సిరప్, ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునేది, ఆకలి పెరగడానికి ఇచ్చే టానిక్: ఎక్కడైనా ఇవి ఉండవచ్చు. ‘అవిల్’ అంటే ఇంటింటా తెలిసిన మందే, అది ఫెనిరమైనే. రాత్రి బస్సు ఎక్కే ముందు వాంతుల మాత్ర వేసుకునే అలవాటు మీకుంటే, ఊరి ప్రయాణం అంత నరకంగా మారడంలో దానికీ పాత్ర ఉండవచ్చు.

ఇప్పుడు మిర్టజపైన్. డిప్రెషన్ మందుల్లో చాలావాటికి కాళ్లను రెచ్చగొట్టే గుణం ఉంది. అందరిలోనూ కాదు, అన్నింటికీ సమానంగానూ కాదు. అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది మిర్టజపైన్‌తోనే. 2008లో వెలువడిన ఒక జర్మన్ అధ్యయనంలో కొత్తతరం డిప్రెషన్ మందులు వాడినవాళ్లందరినీ కలిపి చూస్తే 9 శాతం మందిలో కాళ్ల బాధ కొత్తగా రావడమో, ఉన్నది పెరగడమో జరిగింది. మిర్టజపైన్ వాడినవాళ్లలో అది 28 శాతం. చాలామందిలో అది మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే కనిపించింది. ఈ మందు సెరటోనిన్ మీద పనిచేయడంతో పాటు హిస్టమిన్‌ను కూడా గట్టిగా అడ్డుకుంటుంది. మీ విషయంలో రాత్రికి రెండు హిస్టమిన్ నిరోధకాలు ఒకదాని మీద ఒకటి చేరాయి. మీ జబ్బు పడుకునే వేళ నుంచి సాయంత్రానికి పాకడానికి నాకు కనిపిస్తున్న కారణం ఇదే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 15 మి.గ్రా. మాత్రను విరిచి సగం వేసుకుంటారు, అలా అయితే కాళ్ల బాధ సగం తగ్గుతుందని ఆశ. మిర్టజపైన్ హిస్టమిన్‌ను అడ్డుకోవడానికి 7.5 మి.గ్రా. కూడా చాలు. దిగులుపై పనిచేయడానికి మాత్రం అంతకంటే ఎక్కువ మోతాదు కావాలి. అంటే సగం చేసుకుంటే దిగులుకు అందే మేలు తగ్గుతుంది, కాళ్లకు జరిగే చెరుపు అలాగే ఉంటుంది. మందు మార్చాల్సిందే గాని తగ్గించి కొనసాగించడం వల్ల ప్రయోజనం లేదు.

మార్చడం మీ మానసిక వైద్యుడి చేతుల మీదుగానే జరగాలి. ఈ మందు మొదలుపెట్టి నాలుగు నెలలే అయింది. ఇప్పుడు ఉన్నట్టుండి ఆపితే పాత దిగులు తిరిగి వచ్చే ప్రమాదం నిజంగానే ఉంది. ఆపిన మొదటి రోజుల్లో వికారం, ఆందోళన, నిద్ర లేకపోవడం కూడా ఉంటాయి. ‘కాళ్ల బాధ మందు మొదలయ్యాక రెట్టింపైంది, రెస్ట్‌లెస్ లెగ్స్ కావచ్చేమో చూడండి’ అని ఆయనకు సూటిగా చెప్పండి. కాళ్లను కదిలించని డిప్రెషన్ మందుగా ముందుగా పరిశీలించేది బ్యుప్రోపియాన్. దీన్ని పొద్దున వేసుకోవాలి, సాయంత్రం వేసుకుంటే నిద్ర చెడుతుంది. మూర్ఛలు వచ్చిన చరిత్ర ఉంటే వాడకూడదు, ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లకు అంతగా నప్పదు. దిగులుతో పాటు నిద్ర కూడా కావాలంటే ట్రాజడోన్‌ను తక్కువ మోతాదులో వాడతారు. దానితో కాళ్ల ఫిర్యాదులు అరుదు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, వెన్లఫాక్సిన్, తలనొప్పికి ఇచ్చే 10 మి.గ్రా. అమిట్రిప్టిలిన్ కూడా కాళ్లను రెచ్చగొట్టగలవు. అయితే వాటిలో ఒకదానితోనే ఎవరి దిగులైనా నిలకడగా ఉంటే, ఆ మందును ఉంచి కాళ్లకు విడిగా వైద్యం చేయడమే మంచిదని నా అభిప్రాయం. డిప్రెషన్ ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది, కాళ్ల బాధ అలా కాదు.

నిద్రమాత్ర గురించి అడిగారు. దానికంటే ముందు ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే మీ ఫెరిటిన్ గురించి మాట్లాడాలి, ఎందుకంటే మీ జబ్బుకు వేరు అక్కడ ఉంది. మెదడులో కదలికలను అదుపు చేసే రసాయనం డోపమిన్. అది తయారు కావడానికి ఇనుము కావాలి. రెస్ట్‌లెస్ లెగ్స్‌లో మెదడుకు చేరే ఇనుము తక్కువగా ఉంటుందని తెలిసింది. ల్యాబ్ రిపోర్టులో ‘సాధారణం’ అని రాసేది అందరికీ కలిపి పెట్టిన హద్దు. ఈ జబ్బులో హద్దు వేరు. ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 20 శాతం లోపు ఉన్నా ఇనుము ఇవ్వాలని నిద్ర వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీది 18. ఎక్కువగా పోతున్న నెలసరి రక్తంతో ఇనుమూ పోతోంది. మందులు మార్చి, ఇనుము నింపకుండా వదిలేస్తే సగం పనే చేసినట్టు. పోతున్న రక్తాన్ని అదుపు చేయకపోతే నింపిన ఇనుమూ నిలవదు. గైనకాలజిస్టును కలవడం కూడా ఈ చికిత్సలో భాగమే.

ఫెర్రస్ ఆస్కార్బేట్ లాంటి ఇనుము మాత్ర రోజుకొకటి గాని, కడుపులో తిప్పితే రోజు విడిచి రోజు గాని, నిమ్మరసంతోనో నీళ్లతోనో వేసుకోవాలి. దానికి ముందూ వెనకా కనీసం గంట సేపు కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర వద్దు. బెంగళూరులో పొద్దున్నే ఫిల్టర్ కాఫీతో పాటు ఐరన్ మాత్ర మింగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఇనుములో ఒంటబట్టేది చాలా తక్కువ. సాయంత్రం కాఫీ కొందరిలో కాళ్లనూ కదిలిస్తుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత మానేసి చూడండి. మూడు నెలలకు ఫెరిటిన్ మళ్లీ చూడాలి. ఆ పరీక్ష పరగడుపున చేయించండి, ముందు రోజు ఇనుము మాత్ర ఆపండి, జ్వరం గాని ఇన్‌ఫెక్షన్ గాని ఉన్నప్పుడు వద్దు. ఒంట్లో వాపు ఉంటే ఫెరిటిన్ లేనిది ఉన్నట్టు ఎక్కువగా కనిపిస్తుంది. మాత్రలు పడకపోయినా, మూడు నెలల్లో పెరగకపోయినా సెలైన్‌తో పాటు ఎక్కించే ఇనుము ఉంది. అది ఆసుపత్రిలోనే ఇవ్వాలి. ఏ రకంగా ఇచ్చినా కాళ్లలో మార్పు కనిపించడానికి వారాలు పడుతుంది.

ఆ వారాలు గడవాలి కదా. అక్కడ పనికొచ్చే మందు గాబాపెంటిన్. రెస్ట్‌లెస్ లెగ్స్‌కు ఇప్పుడు ముందుగా ఎంచుకునే మందుల్లో ఇదొకటి, ప్రీగబాలిన్ మరొకటి. ఇవి కాళ్ల బాధను తగ్గిస్తాయి, నిద్రను కూడా గాఢం చేస్తాయి, హిస్టమిన్‌ను గాని డోపమిన్‌ను గాని అడ్డుకోవు. మీరు అడిగిన ‘కాళ్లను ఇబ్బంది పెట్టని నిద్రమాత్ర’కు అన్నింటికంటే దగ్గరగా ఉన్నది ఇదే. గాబాపెంటిన్ 100 నుంచి 300 మి.గ్రా. పడుకోవడానికి గంట రెండు గంటల ముందు మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి వైద్యుడు మెల్లగా పెంచుతారు. పొద్దున తూలడం, మత్తు, పాదాల వాపు, బరువు పెరగడం దీని ఇబ్బందులు. మొదటి కొన్ని రోజులు ఉదయం స్కూటర్ నడపవద్దు. కిడ్నీ పనితీరు తక్కువగా ఉంటే మోతాదు తగ్గించాలి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవాళ్లు, మద్యం గాని మార్ఫిన్ జాతి నొప్పి మందులు గాని తీసుకునేవాళ్లు వైద్యుడికి ముందే చెప్పాలి. కొందరిలో మనసు కుంగవచ్చు, మీ చరిత్రను బట్టి దాన్ని గమనిస్తూ ఉండాలి. చాలినంత కాలం వాడాక ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి.

మన దేశంలో ఇక్కడ ఒక చిక్కు ఉంది, దయచేసి గుర్తుంచుకోండి. గాబాపెంటిన్, ప్రీగబాలిన్ మాత్రలు నార్ట్రిప్టిలిన్‌తో కలిపి కూడా వస్తాయి. మందు పేరు చివర ఎన్‌టీ అనే అక్షరాలు ఉంటే సాధారణంగా అదే. నార్ట్రిప్టిలిన్ పాతరకం డిప్రెషన్ మందు, కాళ్లను రెచ్చగొట్టే జాబితాలోనిదే. నరాల నొప్పికి ఆ జంట పనికొస్తుంది, మీకు మాత్రం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కున్నట్టు అవుతుంది. ఏమీ కలపని గాబాపెంటిన్ మాత్రమే కావాలని వైద్యుడితో చెప్పి రాయించుకోండి. షాపులో ‘అదే మందు, వేరే కంపెనీది’ అని ఇస్తే కూడా వెనక అచ్చు చదవండి.

మిగిలిన నిద్ర మందుల్లో జోల్‌పిడెమ్ కాళ్ల బాధను పెంచదు, అలాగని తగ్గించదు కూడా. స్త్రీలకు 5 మి.గ్రా. మించి ప్రారంభించరు. వేసుకుని మంచం మీదే ఉండాలి. కాళ్ల బాధతో లేచి తిరిగేవాళ్లకు ఇది ఇస్తే నిద్రలోనే నడవడం, వంటింట్లోకి వెళ్లి తినడం జరుగుతుంది, పొద్దున గుర్తుండదు. అందుకే నేను కొద్ది రోజులకు మించి ఇష్టపడను. క్లోనజెపామ్ కాళ్లను కదిలించదు, కానీ అలవాటుగా మారి వదలడం కష్టమవుతుంది. మెదడులో మెలకువను నిలిపి ఉంచే ఒరెక్సిన్‌ను అడ్డుకునే కొత్తరకం మందులు సువోరెక్సాంట్, లెంబోరెక్సాంట్ హిస్టమిన్ జోలికి పోవు, కాళ్ల బాధ అదుపులోకి వచ్చాక కూడా నిద్ర పట్టకపోతే వాటి గురించి మీ వైద్యుడిని అడగవచ్చు. మెలటోనిన్ సాధువైన మందే అయినా రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్న కొందరిలో బాధను పెంచుతుంది. వేసుకున్న రాత్రులు తేడా వస్తే మానేయండి. క్వెటియాపిన్‌ను చిన్న మోతాదులో నిద్ర కోసం రాస్తుంటారు, అది హిస్టమిన్‌నూ డోపమిన్‌నూ రెండింటినీ అడ్డుకుంటుంది. మీకు అసలు వద్దు. తక్కువ మోతాదు డాక్సెపిన్ కూడా వద్దు, అది పనిచేసేదే హిస్టమిన్‌ను ఆపి. ఎవరైనా ప్రమిపెక్సోల్ రాస్తే ముందు మాట్లాడండి. మొదట్లో అద్భుతంగా ఉంటుంది, కానీ నెలలు ఏళ్లు గడిచే కొద్దీ బాధ మధ్యాహ్నానికే మొదలై చేతులకూ పాకే ప్రమాదం ఉంది. అందుకే అది ఇప్పుడు మొదటి వరుసలో లేదు. గ్యాస్ మాత్రల్లో లెవోసల్పిరైడ్, వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఉన్నాయేమో కూడా చూసుకోండి, అవీ డోపమిన్‌ను అడ్డుకునేవే.

మీ విషయంలో నేనైతే ఈ వరుస పాటిస్తాను. ఈ వారం జలుబు మాత్ర ఆపి స్ప్రే, ఇనుము మొదలుపెట్టండి. అన్నీ ఒక్కసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, కాబట్టి మిర్టజపైన్‌ను రెండో అడుగుగా ఉంచండి, కానీ మానసిక వైద్యుడి అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి. రోజూ ఒక్క విషయం రాసి పెట్టుకోండి: సాయంత్రం ఏ గంటకు కాళ్లు మొదలయ్యాయి. ఏడింటికి మొదలయ్యేది తొమ్మిదికి, తర్వాత పదకొండుకు జరిగితే మీరు సరైన దారిలో ఉన్నారు. రెండు వారాల తర్వాత కూడా అదే గంట ఉంటే మిగిలిన భారం మిర్టజపైన్‌దీ ఇనుముదీ అనుకోవచ్చు. మిర్టజపైన్ పూర్తిగా ఆగాక అది ఒంట్లోంచి పోవడానికి వారం దాకా పడుతుంది, లెక్క అక్కడి నుంచి వేయండి. గాబాపెంటిన్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఆ మందు మార్చే వైద్యుడే చెప్పాలి. చాలాసార్లు మార్పు జరిగే రెండు మూడు వారాలకే దాని అవసరం అన్నింటికంటే ఎక్కువ.

మందు మారుతున్న ఆ రోజుల్లో దిగులు పెరిగినా, బతకాలనిపించకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు. అదే రోజు మీ మానసిక వైద్యుడికి ఫోన్ చేయండి, లేదా ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు చేయండి, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. కాళ్ల బాధ పగలంతా ఉండి నడిచినా తగ్గకపోతే, ఒక్క కాలే వాచి నొప్పి పుడితే, కాళ్లే కాక ఒళ్లంతా నిలవనీయకుండా ఉంటే అది ఈ జబ్బు కాదు, వెంటనే చూపించుకోండి. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు మందుల పేర్లు రాసుకెళ్లడం కంటే, ఇంట్లో మీరు వాడే స్ట్రిప్పులన్నీ, జలుబువీ గ్యాస్‌వీ సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.